వరి నాటు యంత్రం మాన్యువల్ అనువాదానికి ధర కట్టిన తీరు: ఒక కేస్ స్టడీ

మహారాష్ట్రలోని ఒక వ్యవసాయ యంత్రాల సంస్థ తన ఆరు వరుసల వరి నాటు యంత్రానికి సంబంధించిన ఆపరేటర్ మాన్యువల్‌ను ఆంగ్లం నుంచి తెలుగులోకి మార్చాలని నన్ను సంప్రదించింది. వారి ఉత్తరంలో ఉన్నవి మూడే విషయాలు: 124 పేజీలు, సుమారు 24,000 పదాలు, పదానికి మీ రేటు ఎంత? పదానికి 2 రూపాయల 25 పైసల చొప్పున 54,000 రూపాయలకు సిద్ధంగా ఉన్నామని కొనుగోలు విభాగం వారు చివర్లో ఒక వాక్యం చేర్చారు. ఆ అంకెకు సరేననడం తేలికే. కానీ అంతకు రెండేళ్ల ముందు వేరొక సంస్థ కోసం చేసిన పవర్ వీడర్ మాన్యువల్ అనుభవం నా నోట్‌బుక్‌లో ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ పనిని 9,000 పదాలకు పదానికి 2 రూపాయల చొప్పున 18,000కు ఒప్పుకున్నాను. అనువాదానికి 38 గంటలు పట్టింది. బొమ్మల్లోని మాటలు మార్చడానికి మరో 11 గంటలు, నాలుగు విడతలుగా వచ్చిన దిద్దుబాట్లకు 27 గంటలు పోయాయి. మొత్తం 76 గంటలు లెక్కిస్తే గంటకు 237 రూపాయలు గిట్టుబాటయింది. అనువాదం వరకే చూస్తే ఆ రేటు అన్యాయమైనదేమీ కాదు. పదాలకు మాత్రమే ధర కట్టి, పదాలు కాని పనినంతా ఉచితంగా చేసిపెట్టడం అందులోని లోపం. అందుకే ఈసారి పదానికి రేటు చెప్పే ముందు, ఈ పనిలో నిజంగా ఎన్ని రకాల శ్రమ ఉందో విడదీసి, ఒక్కో రకానికి ఎన్ని గంటలు పడుతుందో కొలిచి, ఆ గంటలను తిరిగి పదాల రేట్లుగానూ బొమ్మల రేట్లుగానూ మార్చాలని నిర్ణయించుకున్నాను. నా గంట విలువను 600 రూపాయలుగా పెట్టుకున్నాను. ఇందులో ఫోన్లు, బిల్లులు, సాఫ్ట్‌వేర్ చందాల వంటి, ఏ బిల్లులోనూ కనిపించని ఖర్చులు కూడా కలిసే ఉన్నాయి.

పదాల లెక్క

మొదట తేల్చుకోవలసింది ఏ భాషలోని పదాలను లెక్కించాలన్నది. ఆంగ్లంలో విడివిడిగా నిలబడే విభక్తులు, సహాయక క్రియలు తెలుగులో మాటకు అతుక్కుపోతాయి. నాటే భాగంలో చేతులు పెట్టకూడదని చెప్పే హెచ్చరికలో ఆంగ్లానికి తొమ్మిది పదాలు కావాలి. ‘నాటే భాగంలో చేతులు పెట్టవద్దు’ అన్న తెలుగు వాక్యంలో ఉన్నవి నాలుగే. నేను చేసిన యంత్రాల మాన్యువల్స్‌లో వెయ్యి ఆంగ్ల పదాలకు తెలుగులో ఇంచుమించు 700 నుంచి 750 పదాలు వస్తూ వచ్చాయి. కాబట్టి తెలుగు పదాల మీద బిల్లు వేస్తానని ఒప్పుకున్న అనువాదకుడు తనకు తెలియకుండానే పాతిక శాతానికి పైగా తగ్గింపు ఇచ్చినట్టే. మూల భాష పదాల మీదే లెక్క కడితే మరో సౌకర్యం కూడా ఉంది: పని మొదలుకాక ముందే ఇరుపక్షాలకూ అంకె తెలుస్తుంది.

రెండోది, ఆ 24,000 ఎక్కడి నుంచి వచ్చిందన్నది. అడిగితే, పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చి లెక్కించామన్నారు. అలా మార్చినప్పుడు ప్రతి పేజీ పైనా కిందా ఉండే యంత్రం పేరు, అధ్యాయం పేరు, పేజీ సంఖ్య 124 సార్లు లెక్కలోకి వస్తాయి. నేను మాన్యువల్ పేజీలు కూర్చిన ఇన్‌డిజైన్ ఫైల్‌ను, అనువాద సాఫ్ట్‌వేర్ చదవగలిగే IDML రూపంలో తెప్పించుకుని అనువాద సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషిస్తే 21,400 పదాలు తేలాయి. వాటిలో 800 కేవలం విడిభాగాల సంఖ్యలు, కొలతలు. మరో 4,600 పునరుక్తులు, అంటే ఒకసారి అనువదించిన వాక్యమే అక్షరం మారకుండా మళ్లీ రావడం; ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, కదిలే భాగాలన్నీ ఆగేవరకు వేచి ఉండమనే హెచ్చరిక ఒక్కటే పదుల చోట్ల ఉంది. కొత్తగా అనువదించవలసినవి 16,000 పదాలు.

లెక్క తగ్గించి చెప్పడం నాకు నష్టమే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. వారు చెప్పిన పెద్ద అంకెను మౌనంగా ఒప్పుకుంటే, బొమ్మల దగ్గర వారి లెక్కను తప్పుపట్టే హక్కు నాకు ఉండదు. సంఖ్యలను పూర్తిగా వదిలేశాను. పునరుక్తులను మాత్రం ఉచితం చేయలేదు. ఆంగ్లంలో ఒకేలా ఉన్న ముక్క తెలుగులో శీర్షికగా వచ్చినప్పుడు ఒక రూపం, వాక్యంగా వచ్చినప్పుడు మరో రూపం తీసుకుంటుంది. లివర్‌ను బిగించమనే ఆజ్ఞ, లివర్ బిగింపు అనే శీర్షిక ఆంగ్లంలో ఒకే మాటలతో ఉండవచ్చు. అందుకే పునరుక్తినైనా దాని చోటులో పెట్టి చదవక తప్పదు. దానికి పదానికి 60 పైసలు వేశాను.

కాఠిన్యం ఎక్కడుంటుంది

సాంకేతిక అనువాదం తెలియనివారు పొడవైన మాటలను చూసి కష్టం అనుకుంటారు. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అనే మాట నన్ను ఒక్క నిమిషం కూడా ఆపదు. మెకానిక్ ఆ మాటే అంటాడు, కంపెనీ శిక్షణలో ఆ మాటే వింటాడు, తెలుగు లిపిలో అదే రాస్తే చాలు. ఆపేవి చిన్న మాటలు. నాటు యంత్రాల భాషలో ‘హిల్’ అంటే కొండ కాదు, ఒకచోట కలిపి నాటిన మొక్కల కుదురు. సంస్థ నాకు పంపిన పాత కరపత్రంలో ఎవరో ‘కొండల మధ్య దూరం’ అని అనువదించి ఉన్నారు. ‘ఫ్లోట్’ అంటే యంత్రం అడుగున బురద మీద జారుతూ నాటే లోతును నిలకడగా ఉంచే పలక. ‘ప్లే’ అంటే లివర్ పని మొదలుపెట్టక ముందు వదులుగా కదిలే దూరం. ఇలాంటివి ఒక వాక్యంలో మూడు చేరితే, నిఘంటువు ఎంత పెద్దదైనా పనికిరాదు. యంత్రాన్ని మడిలో చూసినవాడి మాట కావాలి.

ఈ కష్టాన్ని అంచనాతో తేల్చకుండా కొలిచాను. మాన్యువల్‌లోని వేర్వేరు అధ్యాయాల నుంచి 300 పదాల చొప్పున మూడు ముక్కలు తీసుకుని, గడియారం పెట్టుకుని, సొంత పరిశీలన కూడా కలుపుకుని పూర్తి చేశాను. యంత్రం పరిచయం, నడిపే పద్ధతి, పంటకాలం అయ్యాక భద్రపరచడం వంటి భాగాలు గంటకు 300 పదాల వేగంతో సాగాయి. భద్రత, నిర్వహణ అధ్యాయాలు 225 దగ్గర ఆగాయి. హైడ్రాలిక్ వ్యవస్థ, నాటే చేతుల సర్దుబాటు, లోపాల నిర్ధారణ పట్టికలు గంటకు 150 దాటలేదు. ఈ మూడింటినీ సులభ, మధ్యమ, కఠిన తరగతులు అనుకున్నాను.

భద్రత భాగం ఎందుకు మధ్యమ తరగతిలోకి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఆ వాక్యాలు చూడటానికి చాలా సులభం. అక్కడ హెచ్చరిక మాటలకు వరుస ఉంది: మొదటి స్థాయి, తప్పించుకోకపోతే మరణమో తీవ్ర గాయమో జరిగి తీరే ప్రమాదానికి, రెండోది అలా జరగగల ప్రమాదానికి, మూడోది చిన్నపాటి గాయం కలగగల పరిస్థితికి, నాలుగోది మనిషికి గాయంతో సంబంధం లేకుండా యంత్రానికి నష్టం కలిగే సందర్భానికి. వీటికి ‘ప్రమాదం’, ‘హెచ్చరిక’, ‘జాగ్రత్త’, ‘గమనిక’ అని స్థిరపరచుకున్నాక మాన్యువల్ మొత్తంలో ఒక్కచోట కూడా అవి తారుమారు కాకూడదు. వాక్యంలోని ‘జరుగుతుంది’, ‘జరగవచ్చు’ అన్న తేడా కూడా ఆ స్థాయికి సరిపోవాలి. అనువదించడానికి పట్టే సమయం తక్కువే అయినా, సరిచూడటానికి పట్టే సమయం ఎక్కువ.

గంటకు 600 రూపాయలను ఈ వేగాలతో భాగిస్తే రేట్లు వాటంతట అవే వచ్చాయి: సులభ తరగతికి పదానికి 2 రూపాయలు, మధ్యమానికి 2.70, కఠినానికి 4. కొత్త 16,000 పదాల్లో సులభమైనవి 8,500, మధ్యమమైనవి 4,500, కఠినమైనవి 3,000. వీటికి తోడు రెండో వ్యక్తి పరిశీలన ఒకటి ఉంది. అనువాద సేవల ప్రమాణమైన ఐఎస్ఓ 17100, అనువాదకుడు తన పనిని తాను సరిచూసుకున్నాక మరో వ్యక్తి మూలంతో పోల్చి చూడాలంటుంది. నాకు ఈ పని చేసిపెట్టేవారు వ్యవసాయ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు. ఆయనకు పదానికి 75 పైసల చొప్పున ఇస్తాను, ఆ మొత్తాన్ని కొటేషన్‌లో విడిగానే చూపిస్తాను. ఖర్చు తగ్గించమన్నప్పుడు అందరి చూపూ మొదట పడేది ఈ వరుస మీదే. అయినా దాన్ని నా రేటులో కలిపి దాచిపెట్టడం నాకు నచ్చదు.

86 బొమ్మలు

ఇన్‌డిజైన్ ఫైల్‌లో సాధారణంగా బొమ్మలు లోపల ఉండవు, బయటి ఫైళ్లకు లింకులుగా ఉంటాయి. కాబట్టి ఆ ఫైల్‌ను విశ్లేషించి సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్కలో వాటిలోని మాటలు కనిపించవు. నేను పీడీఎఫ్‌ను తెరిచి, ఒక్కో బొమ్మనూ చూసి, పని స్వభావాన్ని బట్టి నాలుగు రాశులు పోశాను.

మొదటి రాశిలో 47 బొమ్మలు. వీటిలో బాణాల చివర అంకెలే ఉన్నాయి, పేర్లన్నీ కింది జాబితాలో ఉన్నాయి. జాబితా పదాల లెక్కలోకి ముందే వచ్చేసింది. చేయాల్సిందల్లా అంకె చూపే భాగానికీ జాబితాలోని పేరుకూ పొంతన కుదిరిందో లేదో చూడటం. మూలంలోనే తప్పులుంటాయి, ఇక్కడ రెండు బొమ్మల్లో ఎడమ, కుడి తారుమారయ్యాయి. బొమ్మకు 40 రూపాయలు.

రెండో రాశిలో 24 బొమ్మలు. పేర్లు బొమ్మలోనే ఉన్నా, ఇలస్ట్రేటర్‌లో తెరిచి మాట మీద నొక్కితే మార్చగలిగేవి. బొమ్మకు పావుగంట, 150 రూపాయలు. పావుగంటలో సగం అనువాదానికి కాదు, చోటు చూడటానికి పోతుంది. తెలుగులో పదాల సంఖ్య తగ్గినా మాటల పొడవు తగ్గదు. పైగా వత్తులు కిందికీ గుడులు పైకీ సాగుతాయి కాబట్టి అక్షరం ఎత్తు పెరుగుతుంది, రెండు వరుసల పేరు పక్క బాణాన్ని తాకుతుంది. ‘నాటు లోతు సర్దుబాటు లివర్’ అన్న పేరును ఆంగ్లంలో ఉన్న పెట్టెలోనే ఇరికించాలంటే, అక్షరాలను పొలంలో చదవలేనంత చిన్నవి చేయాలి. బాణాన్ని పక్కకు జరపడమే మేలు, దానికి సమయం పడుతుంది.

మూడో రాశిలో 12 బొమ్మలు. ఇవి మాటలతో సహా ఒకే చిత్రంగా మారిపోయినవి. పాత మాటను చెరిపి, దాని వెనుక పోయిన గీతను తిరిగి గీసి, కొత్త మాట పెట్టాలి. బొమ్మకు 40 నిమిషాలు, 400 రూపాయలు. నాలుగో రాశిలో వైరింగ్, హైడ్రాలిక్ సర్క్యూట్ పటాలు మూడు. వీటిని లోపల ముట్టుకోకూడదని నా నియమం. తీగల రంగులను సూచించే అక్షరాలు, కనెక్టర్ల సంఖ్యలు మెకానిక్ చేతిలోని అసలు తీగల మీద ఎలా ఉంటాయో పటంలోనూ అలాగే ఉండాలి. కింద ఒక తెలుగు వివరణ పట్టిక ఇస్తే చాలు. ఆ పట్టికకు ఒక్కోదానికి 750 వేశాను. నాలుగు రాశులూ కలిపి 12,530 రూపాయలు. బొమ్మల్లోని మాటల అనువాదం ఈ మొత్తంలోనే కలిసి ఉంది. దానికి వేరే పదాల రేటు లేదు.

దిద్దుబాటు విడత అంటే ఏమిటి

పవర్ వీడర్ పనిలో నాలుగు విడతలు జరగడానికి కారణం సంస్థ మొండితనం కాదు. మా ఒప్పందంలో ‘అవసరమైన సవరణలు చేయబడును’ అని నేనే రాసిచ్చాను. అవసరం ఎవరిదో, ఎన్నిసార్లో అందులో లేదు. ఈసారి కొటేషన్‌లో ఆ ఒక్క వాక్యం స్థానంలో ఒక పేరా రాశాను.

మొదట, పని ప్రారంభానికి ముందే 140 పదాల పదకోశం ఇస్తాను. దాన్ని సంస్థ చదివి, మార్చి, రాతపూర్వకంగా ఆమోదించాకే అనువాదం మొదలవుతుంది. ఆ తర్వాత సంస్థ తరఫున ఒక విడత దిద్దుబాటు ధరలో కలిసి ఉంటుంది. విడత అంటే సంస్థలోని పరిశీలకులందరి వ్యాఖ్యలూ ఒకే ఫైల్‌లో, పరస్పర విరోధం లేకుండా, పది రోజుల్లోపు రావడం. పేజీలు కూర్చాక ఒకసారి ప్రూఫ్ చూడటం కూడా కలిసి ఉంటుంది, కానీ అది భాష మార్చే విడత కాదు. అక్షరాలు, వరుసలు, బొమ్మలు సరిగా వచ్చాయో లేదో చూసే విడత మాత్రమే. అంతకు మించి జరిగే ప్రతి విడతా గంటకు 600.

వ్యాఖ్యలను మూడుగా విడదీస్తానని కూడా ముందే చెప్పాను. నా తప్పు అయితే, ఎన్నో విడతలో దొరికినా ఉచితంగా దిద్దుతాను. తప్పు కాదుగానీ పరిశీలకునికి మరో మాట నచ్చితే, కలిసి ఉన్న విడతలో చేస్తాను, ఆ మాట ఆమోదించిన పదకోశానికి విరుద్ధం కానంత వరకు. మూలమే మారితే అది కొత్త పదాల కింద లెక్క. ఈ మూడింటికీ గీత గీయకపోతే, మూలంలో మారిన ఆయిల్ పరిమాణం కూడా ‘అనువాద సవరణ’ పేరుతోనే వస్తుంది.

సంస్థకు పంపిన లెక్క ఇది:

| పని | లెక్క | రూపాయలు |
|---|---|---|
| సులభ తరగతి | 8,500 × 2.00 | 17,000 |
| మధ్యమ తరగతి | 4,500 × 2.70 | 12,150 |
| కఠిన తరగతి | 3,000 × 4.00 | 12,000 |
| పునరుక్తులు | 4,600 × 0.60 | 2,760 |
| రెండో వ్యక్తి పరిశీలన | 16,000 × 0.75 | 12,000 |
| బొమ్మలు | 86 | 12,530 |
| పదకోశం | 9 గంటలు | 5,400 |
| సంస్థ దిద్దుబాటు, ఒక విడత | 6 గంటలు | 3,600 |
| పేజీల ప్రూఫ్ | 6 గంటలు | 3,600 |
| మొత్తం | | 81,040 |

కొనుగోలు విభాగం నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. పదానికి రూపాయిన్నరకే చేసేవారున్నారని అన్నారు. ఆ రేటులో రెండో వ్యక్తి పరిశీలన, బొమ్మలు ఉన్నాయేమో అడిగి చూడమన్నాను. లేవని వారికే తెలిసింది. అయినా ఎంతో కొంత తగ్గించాలన్నారు. రేటు తగ్గించకుండా పని తగ్గించే దారి వెతికాను. మూడో రాశిలోని 12 బొమ్మలకు అసలు ఇలస్ట్రేటర్ ఫైళ్లు వారి డిజైన్ విభాగంలో ఉండాలి. అవి ఇస్తే ఒక్కో బొమ్మ 400 నుంచి 150కి దిగుతుంది, 3,000 ఆదా. ఇవ్వలేని బొమ్మకు పాత ధరే వర్తిస్తుందని రాసుకుని, 78,000కు ఒప్పందం చేసుకున్నాం. పన్నులు వేరు.

పని మొదలయ్యాక

సులభ తరగతి అంచనా కంటే మూడు గంటలు ముందే ముగిసింది. కఠిన తరగతిలో 20 గంటలు అనుకున్నది 26 అయింది. నేను నమూనాగా తీసుకున్న 300 పదాలు హైడ్రాలిక్ అధ్యాయం నుంచి వచ్చినవి. అసలు కష్టం లోపాల పట్టికల్లో ఉంది. అక్కడ వాక్యాలు ఉండవు. లోపం, కారణం, నివారణ అని మూడు గడుల్లో రెండేసి మాటలు ఉంటాయి, క్రియ ఉండదు, కర్త ఎవరో తెలియదు. నాటాల్సిన చోట మొక్క పడకపోవడం, పడినా నీటిలో తేలిపోవడం, మట్టిలో కూరుకుపోవడం అనే మూడు లోపాలను ఆంగ్లం ‘హిల్’ ముందు ఒక్కో విశేషణం పెట్టి ముగించింది. పశ్చిమ గోదావరిలో ఈ యంత్రాలు బాగుచేసే ఒక మెకానిక్‌కు ఫోన్ చేసి మొదటిదాన్ని రైతులు ఏమంటారని అడిగాను. “గ్యాపులు పడుతున్నాయంటారండి. కుదురు పడలేదని పెద్దోళ్లంటారు” అన్నాడు. పట్టికలో ‘కుదుళ్లు పడక ఖాళీలు రావడం’ అని రాశాను. కారణాల గడిలో ఉన్న రెండు మాటలు మడి దమ్ము చేశాక మట్టి పేరుకోవడానికి ఇచ్చిన సమయం చాలలేదని చెబుతున్నాయని కూడా అతనే విప్పి చెప్పాడు. అరగంట ఫోన్‌కు పదాల లెక్కలో దక్కింది ఎనిమిది పదాలు.

బొమ్మల దగ్గర తప్పు నాదే. రెండో రాశిలోని 24 బొమ్మల్లో నాలుగింటిని మాత్రమే తెరిచి చూసి, మిగిలినవీ అలాగే ఉంటాయనుకున్నాను. వాటిలో తొమ్మిదింటిలో అక్షరాలను అవుట్‌లైన్ చేసి పెట్టారు, అంటే కంటికి అక్షరంలా కనిపించేది ఫైల్‌లో గీతల గుంపు మాత్రమే. ప్రింటర్‌కు పంపేటప్పుడు ఫాంటు సమస్య రాకుండా ఇలా చేయడం డిజైనర్ల అలవాటు. కనిపెట్టడం ఎంత సులభమో తెలిశాక ఇంకా సిగ్గనిపించింది. పీడీఎఫ్‌లో ఆ మాటను మౌస్‌తో ఎంచుకోవడానికి ప్రయత్నిస్తే ఎంపిక కాదు, వెతికితే దొరకదు. బొమ్మ ఒక్కదాన్నే విడిగా తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్ల జాబితా చూస్తే అది ఖాళీగా ఉంటుంది. బొమ్మకు అదనంగా 25 నిమిషాల చొప్పున దాదాపు నాలుగు గంటలు పోయాయి. నేను రాశిలో పెట్టిన ధర కాబట్టి సంస్థను అడగలేదు. వారి వంతుగా ఇస్తామన్న 12 అసలు ఫైళ్లలో ఏడే దొరికాయి. మిగిలిన ఐదింటికి ఒప్పందం ప్రకారం 1,250 చేర్చాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

దిద్దుబాటు విడత అనుకున్నట్టే ముగ్గురు మనుషుల నుంచి మూడు ఫైళ్లుగా వచ్చింది, మొత్తం 214 వ్యాఖ్యలతో. ఒకే వాక్యానికి ఒకరు ‘చక్రం’ అంటే మరొకరు ‘వీల్’ అన్నారు. ఒప్పందంలోని పేరాను గుర్తుచేసి వెనక్కి పంపితే, ఆరు రోజుల తర్వాత ఒకే ఫైల్‌లో 131 వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో నా తప్పులు 19. అభిరుచికి సంబంధించినవి 74. మూలం మారినవి 38.

అభిరుచి వ్యాఖ్యల్లో ఒకటి మిగతా 73 కంటే బరువైనది. పదకోశంలో ‘ఫ్లోట్’ను అలాగే ఉంచుదామని ఆమోదించారు. ఇప్పుడు ఒక పరిశీలకుడు దాన్ని ‘తేలు పలక’గా మార్చమన్నారు. ఆ మాట మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, నిజానికి చెవికి బాగానే ఉంది. అయితే అది 160 చోట్ల ఉంది. ఆంగ్లంలోనైతే వెతికి మార్చే ఒక్క ఆజ్ఞతో పోయే పని. తెలుగులో ఫ్లోట్‌కు, ఫ్లోటును, ఫ్లోట్లు, ఫ్లోట్లలో అని మాట రూపం మారుతూ ఉంటుంది, అంతలో కొన్ని సమాసాల్లోకి కూడా చేరిపోయింది. ప్రతి చోటా కంటితో చూసి మార్చాలి, బొమ్మల్లోనూ మార్చాలి. ఐదు గంటలు, 3,000 రూపాయలని అంచనా పంపాను. మర్నాడు ‘ఫ్లోట్ అనే ఉంచండి’ అని జవాబు వచ్చింది. ధర లేకుండా ఉంటే ఆ మార్పు జరిగేది, బహుశా తర్వాతి విడతలో డీలర్లు మళ్లీ ‘ఫ్లోట్’ అనమనేవారు కూడా.

మూలం మారిన వ్యాఖ్యల కింద 410 కొత్త పదాలు తేలాయి. మధ్యమ రేటు, మాస్టారి పరిశీలన కలిపి 1,415 రూపాయలు, మారిన రెండు బొమ్మలకు 300. ప్రూఫ్ విడతలో ఎనిమిది పేజీల్లో వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. పేజీలు కూర్చిన వ్యక్తికి తెలుగు రాదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోని పేరాల్లో సంయుక్తాక్షరాలు ఇలా చెదిరిపోతాయి. ఆ పేజీల సంఖ్యలు, మార్చాల్సిన అమరిక రాసి పంపితే సాయంత్రానికి సరిచేశారు. తెలుగు చదవగలిగినవారు ఆ ప్రూఫ్ చూడకపోతే అవి అలాగే అచ్చయ్యేవి. ఆ తర్వాత గేర్ ఆయిల్ మార్చే వ్యవధి మారిందంటూ ఇంకో విడత కోరారు. రెండు గంటలకు 1,200 వేశాను.

చివరి బిల్లు 82,165 రూపాయలు. మాస్టారి వాటా తీసేస్తే నా గంటకు సుమారు 555 వచ్చింది. లక్ష్యానికి తగ్గిన ఆ 45 రూపాయల్లో ఎక్కువ భాగం కఠిన తరగతి నమూనాలోనూ, తెరవని ఇరవై బొమ్మల్లోనూ ఉంది. కొంత పదకోశానికి అదనంగా పట్టిన రెండు గంటలది. మాన్యువల్ అందుకున్న సంస్థ ఈ ఏడాది కోత యంత్రం మాన్యువల్ పంపింది. ఆ కొటేషన్‌లో లోపాల పట్టికలను కఠిన తరగతి నుంచి కూడా విడదీసి పదానికి 5 రూపాయల 20 పైసలు వేశాను. ఉన్న 61 బొమ్మలనూ ఒక్కొక్కటిగా తెరిచి, ఫాంట్ల జాబితా చూశాకే రాశుల సంఖ్య రాశాను. వాటిలో 22 అవుట్‌లైన్ చేసినవే.